నేను కొట్టేసిన 'జర'

సూరత్‌లో నవాగామ్ దగ్గర మా వాళ్లు కట్టుకున్న గుడిలో ప్రతి శనివారం సాయంత్రం పురాణం చదివేది నేను. మా తాత ఊళ్లో చదివేవాడు, మా నాన్న ఇక్కడికి వచ్చాక సాంచల మధ్య, అంటే మర మగ్గాల మధ్య, నిలబడే నోటికి వచ్చింది పాడుకునేవాడు. నాకు ఆ ఇద్దరి నుంచీ గొంతు వచ్చింది, అక్షరం మీద ప్రేమ వచ్చింది. దానితోపాటు కొంచెం పొగరు కూడా వచ్చిందని చాలాకాలం తెలియలేదు. మాట శుభ్రంగా ఉండాలి, దేవుడి ముందు ఎంగిలి మాట పెట్టకూడదు అని నేనే అందరికీ చెప్పేవాణ్ని. పగలు నాది జిరాక్సు, టైపింగు దుకాణం. తెలుగులో దరఖాస్తులు, శుభలేఖలు, అప్పుడప్పుడూ ఊరికి రాసే ఉత్తరాలు.

ఒక ఏడాది గుడి హాల్లో ఆదివారం సాయంత్రాలు మర మగ్గాల పని నేర్పే తరగతి పెట్టారు. చెప్పేది ఒక ముసలి జాబర్. సాంచ చెడితే బాగుచేసేవాణ్ని ఇక్కడ జాబర్ అంటారు. ఆయన సలాబత్‌పురా సందుల్లో మొదలుపెట్టి ఎన్ని షెడ్లు తిరిగాడో ఆయనకే గుర్తులేదు. అందరూ మాస్టర్ అనేవారు. బోర్డు మీద బొమ్మ గీసి, ఒక పాత సాంచ ముక్కలు నేల మీద పరిచి, గంటన్నర మాట్లాడేవాడు. రంగుల మిల్లుల్లో, మూటల పనుల్లో ఉన్నవాళ్లు ఇరవైమంది దాకా వచ్చేవారు. అందులో సగంమందికి షిఫ్టులు అడ్డం వచ్చి ఒక వారం వస్తే ఒక వారం రాలేకపోయేవారు.

అందుకే నేను ఒక మాట అన్నాను. మాస్టర్ చెప్పేది ఫోనులో రికార్డు చేద్దాం, దాన్ని అక్షరాల్లోకి మారుద్దాం, నేను శుభ్రంగా పాఠాలుగా రాసి అందరికీ కాపీలు ఇస్తాను అని. మాస్టర్ నవ్వాడు.

"రాయి పంతులూ. నా మాటలు గాలికి పోతయి. నీ చేతుల పడితె పదికాలాలుంటయి."

నేను పంతుల్ని కాదు, పద్మశాలీనే. పురాణం చదువుతానని ఆయన అలా పిలిచేవాడు. ఆ పిలుపు నాకు బాగుండేది, ఆ సంగతి కూడా ఇక్కడ రాసుకోవాలి.

నిజానికి నేను ఆ పని నెత్తిన వేసుకోవడానికి ఇంకో కారణం మా బావ. మా చెల్లెలి భర్త. కడోదరాలో రంగుల మిల్లులో స్టెంటర్ మీద పదిహేనేళ్లుగా పని. తడిబట్టను సాగదీసి వేడిగాలిలో ఆరబెట్టే పొడుగాటి మిషను అది. ఆ వేడి, ఆ రసాయనాల పొగ. రెండేళ్లుగా దగ్గు. మాట మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, దగ్గడం అయ్యాక మళ్లీ మాట అందుకునేవాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, మందులు ఇస్తాను గానీ ఆ మిషను దగ్గర ఉన్నంతకాలం మందులకు అర్థం లేదన్నాడు. బావకు వేరే పని రాదు. సాంచల షెడ్డులో జాబర్‌కి చేతిసాయం మనిషిగా చేరగలిగితే పొగ తప్పుతుంది. కడోదరాలోనే ఒక షెడ్డు సేఠ్, ఒక రోజు ట్రయల్ చూసి తీసుకుంటానన్నాడు. బావ జీవితంలో సాంచ ముట్టినవాడు కాదు. అప్పటిదాకా అయిన ఎనిమిది తరగతుల్లో మూడింటికే రాగలిగాడు. మిగతాదంతా నా కాగితాల మీదే.

రికార్డింగులను అక్షరాలుగా మార్చే యాప్ ఒకటి ఉంది. దానికి మాస్టర్ తెలుగు సగమే తెలిసింది. "సాంచ బంద్ చేసి చెయ్యి పెట్టాలె" అంటే "సంచి బంద్ చేసి" అని రాసింది. పడుగు మధ్య పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె గురించి ఆయన అన్నచోటల్లా నాడి అని రాసింది. దాంతో మా మాస్టర్ పడుగు దారాల మధ్య నుంచి నాడి అటూ ఇటూ కొట్టుకుంటుందని చెప్పే వైద్యుడైపోయాడు. ఇవన్నీ సరిదిద్దాను. సరిదిద్ది చూస్తే మొత్తం డెబ్బై పేజీలు వచ్చాయి. చదువుతుంటే నాకు తల తిరిగింది. హాల్లో వింటున్నప్పుడు హాయిగా ఉన్న మాట కాగితం మీద పడేసరికి జల్లెడ పట్టని పిండిలా ఉంది. ఇగ, ఏందంటె, సమజైందా, గిట్ల, జర. ప్రతి వాక్యానికీ ఇవే. చెప్పిందే మూడుసార్లు చెప్పడం. మధ్యలో అత్తగారి ఇంటి ముచ్చట్లు, రైలు ముచ్చట్లు, ఎవరో సేఠ్ చెప్పు పోగొట్టుకున్న ముచ్చట.

నేను మూడు రంగుల పెన్నులు తీసుకున్నాను. ఊతపదాలకు ఎరుపు. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలకు నీలం. విషయం వదిలి పక్కకు పోయిన చోట్లకు ఆకుపచ్చ. దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఆ పనే. తెలివితక్కువగా చేశానని మాత్రం అనలేను. మొదటి తరగతిలో మాస్టర్ ఒకచోట నాడె పెట్టె స్ప్రింగు గురించి తారుమారుగా చెప్పాడు. నాలుగో తరగతిలో "మొన్న ఉల్టా చెప్పిన, దిద్దుకోండ్రి" అని మళ్లీ చెప్పాడు. పైపైన చూస్తే అది చెప్పిందే చెప్పడం. మొదటిది ఉంచి రెండోది కొట్టేసి ఉంటే తప్పే పాఠమయ్యేది. నేను పట్టుకున్నాను, మొదటిది తీసి రెండోది ఉంచాను. ఆరోజు ఇంటికి ఈల వేసుకుంటూ పోయాను.

ఊతపదాలు తీసేటప్పుడు కంప్యూటర్‌నే వాడదామనుకున్నాను. 'జర' అనే మాట ఎక్కడుంటే అక్కడ తీసెయ్యమని ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. క్షణంలో తీసేసింది. సరిగ్గా అప్పుడే మా చెల్లెలు దుకాణానికి వచ్చింది, బావకు పాఠాలు ఎప్పుడిస్తావని అడగడానికి. స్క్రీన్ వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నా, గిదేంది? మాటలకు తలకాయలు తెగినయ్."

చూద్దును కదా, జరపాలె అన్నచోట 'పాలె' మిగిలింది. జరిగింది, జరుగుతది అన్నచోట్ల మొదటి రెండక్షరాలూ పోయి, ఒత్తుకోవడానికి అక్షరం లేక గుడులూ కొమ్ములూ చుక్కల సున్నాలకు వేలాడుతున్నాయి. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నవ్వి, నేను ఆ పని రద్దుచేసి, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్క 'జర' దగ్గరా ఆగి చేత్తో తీశాను. అందుకే నాకు సాకు లేదు. యంత్రం మీద నెట్టడానికి లేదు. ప్రతి ఒక్కదాన్నీ నా కళ్లతో చూసి, నా వేలితో కొట్టేశాను.

ఆ మాట మా వాళ్ల నోట ఎన్ని రకాలుగా తిరుగుతుందో నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. "జర ఇను" అంటే దయచేసి విను. "జర పక్కకు జరుగు" అంటే మర్యాద. చాలాచోట్ల దానికి బరువేమీ ఉండదు. కానీ కొన్నిచోట్ల దానికి బరువు ఉంటుంది, కొంచెం అన్న బరువు. ఏది ఏదో పక్కమాట చూసి తెలుసుకోవాలి. నేను పక్కమాట చూడలేదు. నా చెవికి అది బస్తీ మాట. పాఠంలో ఉండకూడని మాట.

డెబ్బై పేజీలు పదకొండయ్యాయి. శీర్షికలు పెట్టాను. పాఠానికి తగ్గ భాష పెట్టాను. ఒక ఆదివారం మాస్టర్‌ను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆయనకు తెలుగు చదవడం నెమ్మది, అందుకని నేనే చదివాను. నాకు అలవాటైన గొంతుతో, ఆగవలసిన చోట ఆగి, పురాణం చదివినట్టే. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"గింత మంచిగ నేనే చెప్పిన్నా పంతులూ?" అన్నాడు. కళ్లు తెరిచి, "మా అత్త ఏడవాయె? చాయ్ ముచ్చట?" అన్నాడు.

"అది పాఠం కాదు కదా మాస్టర్. పక్క కథ."

"పక్క కథనే. అయినా..." అని, నా ముఖం చూసి నవ్వేశాడు. "సరె తియ్. సదువుకున్నోనివి నీకు ఎరుక."

నేను ఆ 'అయినా' దగ్గర ఆగలేదు. ఇరవై కాపీలు తీశాను. మొదటి కాపీకి పసుపు పూసి దేవుడి పాదాల దగ్గర పెట్టాను కూడా.

బావ ఆ కాగితాలను మడిచి, చొక్కా లోపలి జేబులో దేవుడి ఫొటోతోపాటు పెట్టుకునేవాడు. మిల్లు బస్సులో పోతూ వస్తూ చదివేవాడు. పదో తరగతి మధ్యలో ఆపేసిన మనిషి. అక్షరం అక్షరం కూడబలుక్కుని, కంఠతా పట్టాడు. మా ఇంటికి వచ్చినప్పుడు, "బావా, అడుగు, ఏదన్న అడుగు" అనేవాడు. నేను ఏ శీర్షిక చెప్పినా కళ్లు మూసుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. నా వాక్యాలు ఆయన నోట వినడం నాకెంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. చెల్లెలు పక్కన నిలబడి చూసేది, పెళ్లికొడుకును చూసినట్టు.

ట్రయల్ సోమవారం. సాయంత్రం ఆరింటికల్లా తిరిగి వచ్చేశాడు. దుకాణం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించాను. గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు.

ఒక సాంచ మీద పడుగు దారాలు ఊరికే తెగుతున్నాయట. అక్కడి జాబర్ చేతులు కట్టుకుని, "సూడు, ఏం చేస్తవో చెయ్యి" అన్నాడట. బావకు వెంటనే నా పాఠం గుర్తొచ్చింది. సాంచ వెనకాల పడుగు చుట్టిన బీము ఉంటుంది. అది ఇష్టమొచ్చినట్టు తిరగకుండా తాడు చుట్టి, ఆ తాడును ఒక ఇనుప కడ్డీతో లాగి ఉంచుతారు. కడ్డీకి గాట్లు ఉంటాయి, ఒక గాటుకు బరువు వేలాడుతుంది. బరువు బయటికి పోయినకొద్దీ దారం బిగుస్తుంది, లోపలికి వచ్చినకొద్దీ వదులవుతుంది. దారాలు బిగుసుకుని తెగుతుంటే వదులు చెయ్యాలి. బావ సాంచ ఆపాడు. పాఠంలో ఉన్నట్టే బరువును లోపలికి జరిపాడు. ఎంత లోపలికి? లోపలికి అంటే లోపలికి. చివరి గాటు దాకా జరిపి, సాంచ నడిపాడు.

దారాలు ఊయలలా వేలాడిపోయాయి. నాడె పోవలసిన దారి సరిగ్గా తెరుచుకోలేదు. రెండో మూడో దెబ్బకు నాడె దారాల మధ్య ఇరుక్కుంది, వెనక నుంచి వచ్చిన దెబ్బకు బట్ట సగం వెడల్పు మేర దారాలు తెగి కుచ్చుగా లేచాయి. ఆ దారాలన్నీ ఒక్కొక్కటే ముడేసుకోవాలంటే ఇద్దరికి పూట పని.

"ఆ జాబర్ గాడు అందరిని పిల్చి సూపెట్టిండు బావా. 'గీన పుస్తకం సదివి వచ్చిండట, దండం పెట్టుండ్రి' అన్నడు. సేఠ్ చెయ్యితో గేటు దిక్కు సూపెట్టిండు." అని బావ జేబులోంచి కాగితాలు తీశాడు. "నాదే తప్పు. నేనే ఏదో తప్పు సదివిన. జర గా లైను నువ్వు సదువు, ఏడ తప్పిన్నో నాకు తెల్వాలె."

నేను చదివాను. 'పడుగు దారాలు తెగుతుంటే, బరువును లోపలికి జరిపి, గమనించాలి.' బావ అప్పజెప్పినదానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు.

అప్పుడు నేను అన్న మాట ఇది. "ఈసారి ఇంకా నిమ్మళంగా చదువు బావా."

ఎందుకలా అన్నానో ఆ క్షణంలో నాకు తెలియదు. లోపల ఏదో కదిలింది, దాని మీద కాలు పెట్టి తొక్కానన్నది మాత్రం తెలుసు. బావ తల ఊపి, కాగితాలు మళ్లీ అదే మడతల మీద మడిచి, దగ్గుకుంటూ పోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక రికార్డింగు పెట్టాను. మూడో ఆదివారం. మాస్టర్ గొంతు, వెనకాల ఫ్యాను చప్పుడు.

"దారాలు తెగుతున్నయంటె ఏంజెయ్యాలె? బరువు జర లోపల్కి జరపాలె. సాంచ నడిపి సూడాలె. మల్ల జర. సూడాలె. మల్ల జర. సూడాలె. సమజైందా?"

ఒకటే మాట మూడుసార్లు. నా నీలం పెన్ను గీత అక్కడ ఎంత తిన్నగా ఉందో ఇప్పటికీ గుర్తే. ఆయన నత్తినత్తిగా మాట్లాడటం లేదు. పని ఎలా చెయ్యాలో ఆ వరసలోనే చెబుతున్నాడు. కొంచెం, చూడు, మళ్లీ కొంచెం, చూడు. అందులోంచి నేను కొంచెం తీసేశాను, మళ్లీ తీసేశాను, చూడు అన్నదాన్ని మాత్రం గమనించాలి అని గంభీరంగా మార్చి ఒక్కసారి ఉంచాను.

తర్వాత రెండో ఆదివారం రికార్డింగు పెట్టాను. ఆకుపచ్చ గీత గీసి కొట్టేసిన చాయ్ ముచ్చట ఎక్కడుందో వెతికి విన్నాను. కొత్త అల్లుడిగా అత్తగారింటికి పోయినప్పుడు, చాయ్‌లో జర చక్కెర వెయ్యమన్నాడట. ఆమెకు జర అంటే పిడికెడు. ఆ చాయ్ తాగలేక, వదిలెయ్యలేక ఆయన పడిన తిప్పలకు హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే మాస్టర్ అన్నాడు: "అందుకె చెప్తున్న. మా అత్త జర ఏరు, నా జర ఏరు. నా కాడ జర అంటె ఒక్క గాటు. ఒక్కటంటె ఒక్కటె. యాద్ పెట్టుకోండ్రి."

ఆ రెండు ఆదివారాలూ బావ హాల్లో లేడు. మిల్లులో ఉన్నాడు.

నేను ఏళ్లుగా పురాణం చెప్పేవాణ్ని. దేవుడి పేరు నూటెనిమిదిసార్లు పలకడాన్ని చెప్పిందే చెప్పడం అని ఏనాడూ అనుకోలేదు. కీర్తనలో పల్లవి ప్రతి చరణానికీ తిరిగి వస్తే అది ఎక్కువైందని ఎవరి పెన్నూ లేవదు. పెద్ద కథలోంచి పిట్టకథ పుట్టి, ఆ పిట్టకథలోనే పెద్ద కథ ముడి విప్పుకోవడం శనివారం శనివారం నా నోటితో నేనే చెబుతాను. ఇవన్నీ గుడిలో నాకు తెలుసు. హాల్లో నేల మీద కూర్చున్న ముసలి జాబర్ నోటి నుంచి వచ్చేసరికి అది చెత్త అయింది.

అయినా చెప్పలేదు. మంగళవారం చెప్పలేదు. బుధవారం చెల్లెలు వచ్చింది.

"అన్నా, ఆయన కాయితాలు చింపేస్తనంటున్నడు. 'నా బుర్రకు సదువు ఎక్కదే, నేను స్టెంటర్ కాడనే సస్త' అంటున్నడు. నువ్వన్న జర చెప్పరాదు? నీ మాట ఇంటడు."

"చెబుతాలే" అన్నాను. జిరాక్సు మిషను మూత ఎత్తి, లోపల ఏమీ లేకపోయినా తుడిచాను. ఆమె వెళ్లిపోయింది.

శనివారం వచ్చింది. ఆ వారం వరసలో రావలసిన కథ నాకు ముందే తెలుసు. కొడుకును చంపినవాడి మీద పగతో ఒక తండ్రి యజ్ఞం చేస్తాడు. మంత్రంలో మాటలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఒక్క స్వరం మాత్రం తప్పుతుంది. ఆ ఒక్కదానికే అర్థం తిరగబడి, యజ్ఞం చేయించినవాడికే చేటు వస్తుంది. ఆ కథ నేను బాగా చెబుతానని పేరు. పుట దగ్గరికి వచ్చాను. నలభైమంది కూర్చుని ఉన్నారు. బావ స్తంభానికి ఆనుకుని, తువ్వాలు నోటికి పెట్టుకుని, పురాణానికి అడ్డం రాకుండా దగ్గును మింగుకుంటున్నాడు.

నేను రెండు పుటలు ఒక్కసారే తిప్పేశాను. తర్వాతి కథ మొదలుపెట్టాను. హారతి అయింది, ప్రసాదం పంచాం. చెప్పులు వదిలిన చోట బావ నా కోసం నిలబడి ఉన్నాడు, పక్కన చెల్లెలు.

"బావా, ఇయ్యాల ఒక కథ ఎగరగొట్టినవ్" అన్నాడు. "యజ్ఞం కథ రావాలె గద. పోయినేడు ఇన్న. మర్సినవా?"

ఆయన అడిగింది మామూలుగానే. నన్ను పట్టుకోవాలని కాదు. కానీ నాకు ఇంక కాలు పెట్టి తొక్కడానికి చోటు మిగల్లేదు. అక్కడే, జనం చెప్పులు వెతుక్కుంటుండగా, చెప్పేశాను. నువ్వు తప్పు చదవలేదు, నేనే మాట తీసేశాను, మాస్టర్ ఒక్క గాటు అన్నాడు, సోమవారమే నాకు తెలిసింది, తెలిసి ఇన్నాళ్లూ ఊరుకున్నాను అని. ఫోను తీసి ఆ రెండు ముక్కలూ వినిపించాను.

బావ విన్నాడు. చాయ్ ముచ్చట దగ్గర ఆయన పెదవుల మీదికి నవ్వు కూడా వచ్చింది. తర్వాత అడిగాడు.

"అంటె, నేను సరిగ్గనే సదివిన్నా?"

"సరిగ్గానే చదివావు."

"ఒక్క అచ్చరం గూడ తప్పలె?"

"లేదు బావా."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సోమారం సంది నేను మన్షినే కాదనుకున్న" అన్నాడు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది. కోపం చెల్లెలికి వచ్చింది.

"గా జర నీకేమన్న బరువైందా అన్నా? పురాణంల ఒక్క దీర్ఘం తప్పితె పిల్లల చెవులు పిండుతవ్. మాస్టర్ మాట మీద మాత్రం ఇష్టమొచ్చినట్టు గీతలు పెట్టినవ్. ఇంగ అయిదొద్దులు ఎందుకు మూసుకొని కూసున్నవ్?"

నేను తల వంచుకుని నా చెప్పులు వెతుక్కున్నాను.

మర్నాడు తరగతిలో అందరి ముందూ లేచి చెప్పాను. మాస్టర్ మొదట ఎప్పటిలాగే నవ్వాడు. "మా అత్తను ఎల్లగొడితివి. ఆమె ఊకుంటదా?" హాలు నవ్వింది. తర్వాత ఆయన నవ్వు తగ్గింది. "తప్పు నాది గూడ ఉన్నది. నువ్వు సదువుతుంటె నీ గొంతు ఇన్న పంతులూ. మాట ఇన్లె" అన్నాడు. ఆయన తన మీద కొంత వేసుకోవడం నాకు దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. అది ఆయన తప్పు కాదు. వినేవాడు గొంతుకు లొంగిపోయేలా చదవడం నాకు చిన్నప్పటి నుంచి చేతనైన విద్య.

సోమవారం దుకాణం మూసి కడోదరా పోయాను. షెడ్డు జాబర్‌ను కలిసి తప్పు నాదని చెప్పాను. చుట్టూ సాంచల మోత, చెవిలో అరిచి చెప్పవలసి వచ్చింది. అంత సిగ్గుపడే మాటను అరిచి చెప్పడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కాయితం రాసినోడు కూడ వచ్చిండు" అని పక్కవాడికి చెప్పాడు. చేతిసాయం పనిలో అప్పటికే వేరే మనిషి చేరిపోయాడు. బావ ఇంకా స్టెంటర్ దగ్గరే ఉన్నాడు. సెలవు దొరికిన రోజున మాస్టర్ తనకు తెలిసిన ఒక షెడ్డుకు తీసుకుపోయి సాంచ మీద చెయ్యి పెట్టిస్తున్నాడు. ఇంకో ట్రయల్ ఎప్పుడో తెలియదు. దగ్గు మాత్రం రోజూ ఉంది.

పాఠాలు మళ్లీ రాశాను. ఈసారి ప్రతి వాక్యం రాశాక రికార్డింగు విన్నాను. ఊతపదాలు ఇప్పుడూ తీశాను, తియ్యక తప్పదు. డెబ్బై పేజీలు ఎవరూ చదవరు. కానీ తీసే ముందు దాని పక్కమాట చూశాను. తేల్చుకోలేకపోతే మాస్టర్‌ను అడిగాను. 'సాంచ బంద్ చేసి చెయ్యి పెట్టాలి' అని ఆయన ఎన్ని పనుల ముందు అన్నాడో అన్నింటి ముందూ రాశాను, ఒక్కచోట రాసి సరిపెట్టలేదు. చాయ్ ముచ్చట మొదటి పేజీలో ఉంది. దాని కింద 'మాస్టర్ జర అంటే ఒక్క గాటు' అని ఉంది. ఇరవై పేజీలయ్యాయి. ముందున్నంత అందంగా లేవు.

పాత కాపీలన్నీ వెనక్కి తీసుకోవాలనుకుని ఇంటింటికీ తిరిగాను. ప్రతి గుమ్మం దగ్గరా ఎందుకో చెప్పి, తీసుకుని, కొత్తది ఇచ్చాను. పసుపు పూసి దేవుడి పాదాల దగ్గర పెట్టినది కూడా తీశాను. పంతొమ్మిది దొరికాయి. ఒకతను ఆ మధ్యలోనే భివండీ వెళ్లిపోయాడు, అక్కడ ఏదో షెడ్డులో పని దొరికిందట. ఆయన నంబరు కలవదు. ఆయన గది ఇప్పుడు వేరేవాళ్లది. కాగితాలు వెంట తీసుకుపోయాడనే వాళ్లు చెప్పారు, జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మరీ.

శనివారాలు ఇప్పుడూ పురాణం చదువుతున్నాను. ఒక్క పుట దాటవెయ్యను. హారతి వేళ అందరికీ పేరుపేరునా కోరుకున్నాక, భివండీలో ఆ మనిషి చెయ్యి ఆ కడ్డీ మీద పడినప్పుడు ఒక్క గాటు దగ్గర ఆగాలని కోరుకుంటాను. పైకి అనను, లోలోపలే కోరుకుంటాను. స్తంభం దగ్గర బావ ఉంటాడు, ఆ మాట ఆయన చెవిన పడకూడదు.